నిప్పు మూసే దారి

గొట్టాల గురించీ మంటల గురించీ పదిహేను నిమిషాలు మాట్లాడమని ఆకాశవాణి వాళ్లు అడిగారు. భిలాయి నుంచి వచ్చినవాడిని కాబట్టి బ్లాస్ట్ ఫర్నేసు గురించి చెబుతానని అనుకుని ఉంటారు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఇష్టమైనది అంతకంటే చిన్న విషయం. తిన్నగా, ఒకే వెడల్పుతో ఉన్న గొట్టంలో గాలి పోతోంది. మధ్యలో దాన్ని వేడి చేస్తాం. అప్పుడేమవుతుంది? ఇలాంటి ప్రవాహాన్నే రేలీ ప్రవాహం అంటారు. వర్క్‌షాపులో ఇదెలా కనిపిస్తుందో, హైదరాబాదు క్షిపణి శాస్త్రవేత్తలను ఎలా ఇబ్బంది పెడుతుందో, యుద్ధవిమానం తోకలో ఏం చేస్తుందో చెప్పాలని నా ఆశ. టైము ఎంతవరకు రానిస్తుందో చూద్దాం.

భిలాయి పక్కనే ఉన్న హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారానికని వెళ్లిన కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ షెడ్లలో పనిచేస్తున్నారు. అలాంటి ఒక షెడ్డులో ఫర్నేసు బర్నరు తయారుచేసి పరీక్షిస్తున్నాం. బ్లోయరు నుంచి గాలి తిన్నని గొట్టంలోకి వస్తుంది. అక్కడ గ్యాసు కలిసి మండుతుంది. గ్యాసు వాల్వు దగ్గర నిలబడ్డ ఫిట్టరు సోంపేట వైపు మనిషి. ఆయన నన్ను పిలిచి, “ఏటి సార్ ఇది, గ్యాసు పెంచితే బ్లోయరు ఆంపియర్లు పడిపోతన్నాయి! మోటారు పోయినట్టుంది” అన్నాడు. మోటారు బాగానే ఉంది. మంట ఆర్పి చల్లగాలి వదిలితే ఆంపియర్లు మళ్లీ పూర్తిగా వచ్చాయి. గాలికి అడ్డుపడుతున్నది మంటే.

మంట ఎలా అడ్డుపడుతుంది? ఇరుకు నడవలో జనం వరుసగా నడుస్తున్నారనుకోండి. మధ్యలో ఒకచోటికి రాగానే ప్రతివాడూ గొడుగు విప్పుతున్నాడు. ఒక్కొక్కడికీ ఎక్కువ చోటు కావాలి, నడవ వెడల్పేమో పెరగదు. నిమిషానికి ముందులాగే అంతమంది బయటపడాలంటే గొడుగు విప్పినవాళ్లు పరుగెత్తాలి. వేడెక్కిన గాలి పని కూడా అదే. అయితే పరుగు ఊరికే రాదు. వేగం పెంచేందుకు కావలసిన తోపుడు గాలి పీడనంలోంచే పోవాలి. గోడల రాపిడి అసలు లేకపోయినా ఈ పీడనం పోతుంది.

మా గొట్టం లెక్కే చూడండి. చల్లగాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తోంది. మంట దాన్ని 27 డిగ్రీల నుంచి దాదాపు 1230 డిగ్రీలకు తీసుకెళ్తే, కెల్విన్ లెక్కలో అది ఐదింతలు. కాబట్టి వేగమూ ఐదింతలై 150 మీటర్లవుతుంది. ఆ వేగం కోసం పోయే పీడనం సుమారు 440 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానం. బ్లోయరు మొత్తం ఇచ్చేదే 700. అందులో సగానికి పైగా వేడే తినేస్తే గాలి తగ్గకుండా ఎలా ఉంటుంది? గాలి తగ్గితే బ్లోయరు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడతాయి. అందుకు కొత్త మోటారు కొనక్కర్లేదు. గొట్టం వ్యాసాన్ని పావు వంతు పెంచితే చాలు, ఆ 440 దాదాపు 180కి దిగుతుంది.

ఇది ఉష్ణ అవరోధం కాదు, దానికి తమ్ముడు మాత్రమే. థర్మల్ చోకింగ్ అని ఇంజనీర్లు అనే ఆ అవరోధం ఇంకా ముందుంది. సెకనుకు 30 మీటర్లంటే శబ్దవేగంలో పదో వంతు కూడా కాదు. అంత నెమ్మదిగా వచ్చే గాలిని శబ్దవేగానికి చేర్చాలంటే దాన్ని కెల్విన్ లెక్కలో ఇరవై ఎనిమిదింతలు వేడి చేయాలి. అంత వేడి ఏ గ్యాసు మంటా ఇవ్వదు. కాబట్టి హథ్‌ఖోజ్ ఫర్నేసులు పీడనం రూపంలో పన్ను కడతాయి గానీ పూర్తిగా మూసుకుపోవు.

ఇప్పుడు గాలిని వేగంగా పంపి చూద్దాం. శబ్దవేగంలో పదిలో మూడు వంతులు, అంటే మాక్ 0.3. సెకనుకు సుమారు 103 మీటర్లు. ఇది గొట్టంలో ముందుకు పోతూ వేడెక్కుతుంటే వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కిలో గాలికి 570 కిలోజౌళ్ల వేడి అందేసరికి, అంటే సుమారు 13 గ్రాముల కిరోసిన్ మండేసరికి, చివర వేగం 538 మీటర్లకు చేరుతుంది. అక్కడి వేడికి శబ్దవేగం కూడా సరిగ్గా అంతే. పీడనం సగంకంటే తక్కువకు పడిపోయి ఉంటుంది. ఆ గొట్టం మోయగలిగే వేడి అంతే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇక్కడ ఉంది, కాస్త ఆగి చెబుతాను. వేడి పోస్తుంటే గాలి ఉష్ణోగ్రత చివరిదాకా పెరుగుతుందనే కదా అనుకుంటాం! అలా జరగదు. వేగం మాక్ 0.845 దాటాక, ఇంకా వేడి పోస్తున్నకొద్దీ గాలి చల్లబడుతుంది. మన లెక్కలో ఉష్ణోగ్రత 468 డిగ్రీల వరకు ఎక్కి, చివరికి 448కి దిగుతుంది. మొత్తం వేడిలో చివరి మూడు శాతం ఇస్తున్నప్పుడే ఈ ఇరవై డిగ్రీలు పోతాయి. ఆ దశలో గాలి పరుగు అందుకోవడానికి మనమిచ్చే వేడి చాలదు. మిగతాది తన సొంత వేడిలోంచే తీసుకుంటుంది. కింద మంట పెట్టి, పైన థర్మామీటరు దిగుతుంటే చూడటం లాంటి ఈ వింత పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివితే మనసుకు పట్టదు. గ్రాఫు కాగితం మీద గీస్తేనే పడుతుంది.

ఆ గీయడమే ఇప్పుడు పోయింది. మా రోజుల్లో యాహ్యా గారి గ్యాస్ టేబుల్స్ పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో మాక్ సంఖ్యకు ఒక్కో చుక్క పెట్టి, ఎంట్రోపీ అడ్డంగా, ఉష్ణోగ్రత నిలువుగా రేలీ వక్రం గీసేవాళ్లం. చుక్కలు కలుపుతుంటే గీత శిఖరం ఎక్కి, కొంచెం దిగి, కుడివైపు ముక్కులా వంగి వెనక్కి తిరిగేది. పై కొమ్మ శబ్దం కంటే నెమ్మదైన గాలిది, కింది కొమ్మ శబ్దాన్ని మించినది. వేడి పోస్తే రెండూ ఆ ముక్కు దగ్గరికే వస్తాయి. ఇప్పటి కుర్రాళ్లు సాఫ్ట్‌వేరులో రంగురంగుల బొమ్మ తీసి చూపిస్తారు. ఎరుపు ఎక్కడుందో చెబుతారు, ఎందుకుందో అడిగితే మొహం తిప్పేస్తారు. కాలేజీలు కూడా ఈ అధ్యాయాన్ని ఒక గంటలో దాటించేస్తున్నాయి. నాకు కోపం వచ్చే సంగతుల్లో ఇదొకటి.

సరే, ముక్కు దాకా వచ్చాం. ఇంకా ఇంధనం పోస్తే? 13కి బదులు 20 గ్రాములు పోశారనుకోండి. చివర వేగం శబ్దవేగాన్ని దాటదు. ఆ అదనపు వేడి ఒత్తిడి అలగా మారి గాలికి ఎదురు నడుచుకుంటూ గొట్టం మూతి దాకా పోతుంది. మూతి దగ్గర వేగం మాక్ 0.3 నుంచి 0.25కి తగ్గుతుంది. లోపలికి వచ్చే గాలి సుమారు పదిహేను శాతం తగ్గిపోతుంది. అందుకే ఇలాంటిచోట అనుమానం వస్తే మంటను చూసి లాభం లేదు. మూతి దగ్గర గాలి ఎంత వస్తోందో కొలవాలి.

శబ్దం కంటే వేగంగా వచ్చే గాలిది వేరే కథ. మూతి దగ్గరికి కబురు వెళ్లే దారే లేదు, ఎందుకంటే మామూలు కబురు శబ్దవేగంతోనే నడుస్తుంది. అక్కడే మన హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్ క్షిపణి శాస్త్రవేత్తల పని వస్తుంది. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరంలోని కలాం ద్వీపం నుంచి హెచ్‌ఎస్‌టీడీవీ అనే వాహనాన్ని ప్రయోగించారు. రాకెట్టు దాన్ని 30 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చాక స్క్రామ్‌జెట్ ఇంజను వెలిగింది. శబ్దానికి ఆరింతల వేగంతో ఇరవై సెకన్లకు పైగా సాగింది.

ఆ ఎత్తులో, ఆ వేగంలో ఎదురొచ్చే గాలిని ఆపి చూస్తే మంట వెలిగించకముందే దాని వేడి దాదాపు 1580 డిగ్రీలు. భిలాయిలో ఉక్కు కరగడానికి అంత అక్కర్లేదు. ఆ గాలి మంట గదిలోకి మాక్ 2.5తో వస్తోందని, ఆ గది తిన్నని గొట్టమని ఉదాహరణకు అనుకుందాం. అక్కడ వేడి పోస్తే వేగం తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది. అంతా తలకిందులు. రేలీ లెక్క ప్రకారం కిలో గాలికి సుమారు 18 గ్రాముల కిరోసిన్ మండగానే దారి మూసుకుపోతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌కు 68 గ్రాముల దాకా కాల్చే శక్తి ఉంది. నాలుగో వంతు దగ్గరే ఆగిపోవాలన్నమాట. అంత వేడిలో గాలి గుణాలు మారతాయి కాబట్టి అసలు అంకె కొంత అటూఇటూ అవుతుంది. పరిస్థితి మాత్రం మారదు.

హద్దు దాటితే గొట్టంలో ఆఘాత తరంగం పుట్టి ముందుకు, అంటే గాలి వచ్చే వైపుకు, జరగడం మొదలెడుతుంది. అది గాలి తీసుకునే మూతిలో నుంచి బయటికి వచ్చేసిందంటే గాలి పక్కకు చిమ్ముకుపోతుంది, తోపుడు పోతుంది. ఇంజనీర్లు దీన్ని అన్‌స్టార్ట్ అంటారు. ముందుగా పసిగట్టడానికి గొట్టం గోడల పొడవునా చిన్న రంధ్రాలు పెట్టి పీడనం చదువుతారు. ఇంధనం పడే చోటికి ముందే పీడనం పెరగడం కనిపించి, ఆ పెరుగుదల ఒక్కో రంధ్రం దాటుకుంటూ మూతివైపు జరుగుతుంటే ప్రమాదం దగ్గరపడినట్టే.

దీనికి రెండు మందులు. మూతికీ మంట గదికీ మధ్య కొంత పొడవు ఖాళీ గొట్టం వదులుతారు. ఆఘాత తరంగాలు అక్కడే మకాం వేస్తాయి, దాన్ని ఐసోలేటర్ అంటారు. రెండోది, మంట గదిని వెనక్కి పోనుపోను వెడల్పు చేయడం. గొడుగులు విప్పేచోట నడవ కూడా విశాలమవుతుంది, ఇంధనం కొంచెం కొంచెంగా పలుచోట్ల పోయవచ్చు. అలాంటి గదిలో మంటను నిలబెట్టడం, గోడలు కరగకుండా కాపాడటం వేరే పని. 2025 జనవరిలో డీఆర్‌డీఎల్ వాళ్లు చల్లబరిచే గోడలున్న స్క్రామ్‌జెట్ గదిని నేలమీద 120 సెకన్లు మండించారు. అదే ఏడాది ఏప్రిల్ 25న హైదరాబాదులోనే వెయ్యి సెకన్లు దాటించారు.

యుద్ధవిమానం తోక గురించి చెబుతానన్నాను, టైము అయిపోయింది. ఒక్క మాటే. విమానం వెనుక అదనపు మంట వెలిగించగానే చివరి నాజిల్ రేకులు విచ్చుకుంటాయి. వేడెక్కి ఉబ్బిన గాలికి దారి వెడల్పు చేయడానికే అది. రేకులు ఇరుక్కుని విచ్చుకోకపోతే ఒత్తిడి వెనక్కి పాకి కంప్రెసర్ దాకా వస్తుంది, ఇంజను దగ్గడం మొదలెడుతుంది. అప్పుడు పైలట్ ముందుగా ఆ అదనపు మంట ఆర్పేస్తాడు.