మూడు ఇబ్బందులు, ఒకే జబ్బు

(వార్షిక సభలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగం)



పోయిన ఏడాది మా విభాగానికి ఒక అర్జీ వచ్చింది. తండ్రికి వీల్‌చైర్, పెద్దల డైపర్లు కావాలని కొడుకు రాశాడు. తండ్రి వయసు 71. సింగరేణిలో టింబర్‌మన్‌గా ముప్పై ఏళ్లకు పైగా బాయి దిగి, రిటైరయ్యాక గోదావరిఖనిలోనే ఉంటున్నారు. అడిగినవి కొనిచ్చి ఉంటే మా పని ఆ రోజే అయిపోయేది. ఇవ్వబోయే ముందు ఇంటికి వెళ్లి చూడటం మా పద్ధతి కాబట్టి, మా విభాగంలోని డాక్టరుగారితో కలిసి వెళ్లాం.

పెద్దాయన మంచం దిగి గుమ్మం దాకా నడిచారు. పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఉన్నాయి. కాళ్లు ఎడంగా పెట్టి, చిన్న చిన్న అడుగులతో ఈడ్చుకుంటూ వచ్చారు. వెనక్కి తిరగడానికే ఎనిమిది అడుగులు పట్టింది. చేతులు మాత్రం మామూలుగానే ఊగుతున్నాయి, వణుకు లేదు. మసీదుకు పోవడం మానేసి ఏడాది దాటిందని ఆయన భార్య చెప్పారు. వుజూ చేసి సఫ్‌లో నిలబడేలోపే మూత్రం ఆగదు. సజ్దాలోకి పోతే లేవలేరు. ఎన్ని రకాతులు అయ్యాయో గుర్తుండదు.

నడకకు బాయి పనిలో అరిగిన మోకాళ్లే కారణమన్నారు. మూత్రానికి ప్రొస్టేట్ అన్నారు. మతిమరుపుకు వయసు అన్నారు. మూడు చోట్ల మూడు రకాల మందులు వాడుతున్నారు. మూడింటినీ కలిపి ఎవరూ చూడలేదు. మా డాక్టరుగారు ఒకే ప్రశ్న అడిగారు: "ఏది ముందు మొదలైంది?" కొడుకు ఆలోచించి చెప్పాడు: "నడకే సార్. రెండేళ్ల కింద అబ్బా నడక మారింది. తర్వాత మూత్రం, ఆ తర్వాత మతిమరుపు."

ఈ వరుసే అనుమానానికి దారి చూపింది. జబ్బు పేరు నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్. మన మెదడు లోపల నీటి గదులు ఉంటాయి. వాటిలో రోజుకు సుమారు అర లీటరు నీరు ఊరుతుంది, అంతే నీరు రక్తంలోకి ఇంకిపోతుంది. ఏ సమయంలో చూసినా లోపల, చుట్టూ కలిపి ఉండేది 150 మిల్లీలీటర్ల దాకానే. కొందరికి అరవై దాటాక ఈ ఇంకడం సరిగా జరగదు. గదులు మెల్లగా ఉబ్బి పక్కనున్న నరాల దారులను సాగదీస్తాయి. కాళ్లను, మూత్రాశయాన్ని అదుపు చేసే దారులు ఆ గదులకు దగ్గరగా పోతాయి కాబట్టి ఆ రెండూ దెబ్బతింటాయని వైద్యులు వివరిస్తారు. సూదితో కొలిస్తే నీటి ఒత్తిడి మామూలుగానే ఉంటుంది. అందుకే ఆ పేరు.

దీన్ని గుర్తించినవారు కొలంబియా దేశపు బొగోటా నగరంలోని డాక్టర్ సాలొమోన్ హకీం. 1957లో రోడ్డు ప్రమాదంలో గాయపడిన 16 ఏళ్ల అబ్బాయి ఆపరేషన్ తర్వాత కూడా స్పృహలోకి సరిగా రాలేదు. మెదడు గదులు ఉబ్బి ఉన్నాయి, ఒత్తిడి మాత్రం మామూలే. పరీక్ష కోసం నడుం దగ్గర సూదితో 15 మిల్లీలీటర్ల నీరు తీశారు. మరునాడు ఆ అబ్బాయి మాట్లాడాడు. నీరు తీస్తే మనిషి తేరుకుంటాడన్న ఆ పాఠమే నేటికీ ఈ జబ్బుకు పరీక్ష, చికిత్స కూడా.

మన పెద్దాయనకు ముందు సీటీ స్కాన్ తీయించాం. గదుల ముందు కొమ్ముల వెడల్పును పుర్రె లోపలి వెడల్పుతో భాగిస్తే 0.3 దాటకూడదు. ఆయనకు 0.38 వచ్చింది. అయితే వయసుతో మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవిగా కనిపిస్తాయి. కాబట్టి స్కాన్ ఒక్కటే చాలదు. రామగుండం స్టేషన్‌లో రైలెక్కించి హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ పది మీటర్లు నడిపించి కొలిచారు. 24 సెకన్లు, 34 అడుగులు. తర్వాత నడుం దగ్గర సూదితో 40 మిల్లీలీటర్ల నీరు తీశారు. మూడు గంటలయ్యాక అదే పది మీటర్లు 15 సెకన్లలో, 21 అడుగుల్లో నడిచారు. కొడుకు ఫోన్‌లో రెండు నడకలనూ వీడియో తీశాడు. ఆ మేలు రెండు రోజుల్లో పోయింది, ఎందుకంటే నీరు మళ్లీ నిండుతుంది. కానీ ఆపరేషన్ పనికొస్తుందని తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పరీక్షలో నడక మారకపోతే జబ్బు లేదని తీర్మానించకూడదు. అలాంటప్పుడు సన్నని గొట్టం ఉంచి రెండు మూడు రోజులు నీరు తీసి మళ్లీ చూస్తారు.

ఆపరేషన్‌లో మెదడు గదిలో ఒక సిలికాన్ గొట్టం పెట్టి, చెవి వెనుక చర్మం కింద ఒక వాల్వు అమర్చి, మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందే కడుపులోకి దింపుతారు. అదనపు నీరు అక్కడ ఇంకిపోతుంది. దీన్ని షంట్ అంటారు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ విదేశీ వాటికంటే చాలా చవక. ఆరోగ్యశ్రీ కార్డు గానీ, సింగరేణి రిటైర్డ్ మెడికల్ కార్డు గానీ ఉంటే ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలో అడిగి అనుమతి తెచ్చుకోవాలి.

ఇది నిజంగా పనిచేస్తుందా అని అడిగేవారికి 2025లో వెలువడిన ఒక పరిశోధన ఉంది. 99 మందికి షంట్ వేసి, సగం మందికి వాల్వు తెరిచారు, మిగతావారికి నీరు దాదాపు పోకుండా బిగించారు. ఎవరిది ఏదో రోగులకు తెలియదు. మూడు నెలలకు, తెరిచినవారి నడక వేగం సగటున సెకనుకు 0.23 మీటర్లు పెరిగింది. బిగించినవారిది దాదాపు ఉన్నచోటే ఉంది. అయితే తెరిచినవారిలో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి మెదడు చుట్టూ రక్తం చేరింది. నీరు ఎక్కువగా పోతే వచ్చే ప్రమాదం ఇదే. అందుకే తలనొప్పి పెరిగినా, మత్తుగా ఉన్నా వెంటనే స్కాన్ తీయాలి. జ్వరం, గాయం దగ్గర ఎరుపు కనిపిస్తే ఇన్ఫెక్షన్. పాత నడక తిరిగొస్తే గొట్టం మూసుకుపోయిందని అనుమానించాలి.

మన పెద్దాయన ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. చేతికర్రతో మసీదుకు వస్తున్నారు. రాత్రిపూట తప్ప మూత్రం ఇబ్బంది లేదు. మతిమరుపు కొంతే తగ్గింది. మనవరాలి పేరు ఇప్పటికీ ఒక్కోసారి తడుముకుంటారు. సాధారణంగా నడకకే ఎక్కువ మేలు జరుగుతుంది, జ్ఞాపకశక్తికి తక్కువ. మతిమరుపు ముందుగా వచ్చి, నడక చాలా ఏళ్ల తర్వాత మారినవారిలో వేరే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ, వారికి షంట్‌తో లాభం తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ కూడా లాభం తగ్గుతుంది.

మీ చందాలోంచి ఈ ఇంటికి ఖర్చైనది సీటీ స్కాన్, రైలు టికెట్లు, కొడుకు హైదరాబాద్‌లో ఉన్నన్ని రోజుల బస, భోజనం. వీల్‌చైర్ కొనలేదు. ఇకపై వీల్‌చైర్ అర్జీ వచ్చిన ప్రతి ఇంట్లో మూడు ప్రశ్నలు అడగాలని నిర్ణయించాం. నడకలో పాదాలు అతుక్కుంటున్నాయా? మూత్రం ఆగుతోందా? మతిమరుపు నడక మారాకే వచ్చిందా? మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పెద్దలు కనిపిస్తే ముందు వారి నడకను ఫోన్‌లో వీడియో తీసి మాకు చూపించండి.