ఫోన్ నిండిందా? ముందు డ్రైవ్ చూడండి

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్నారు. ఫోటో తీయబోతే ఫోన్‌లో చోటు లేదంది. అన్నీ గూగుల్ డ్రైవ్‌లోనే దాచాను కదా అంటారా? ఆఫ్‌లైన్‌లో ఉంచిన ప్రతి ఫైలుకూ ఒక కాపీ ఫోన్‌లోనే ఉంటుంది.

డ్రైవ్ తెరిచి, మెనూలో ఆఫ్‌లైన్ జాబితా చూడండి. చూసేసిన పెద్ద వీడియోలకు ఆఫ్‌లైన్ ఆపేయండి. ఫోన్‌లో కాపీ పోతుంది, డ్రైవ్‌లో అసలు ఫైలు ఉంటుంది. డిలీట్ మాత్రం నొక్కకండి, అసలుకే ఎసరు. దారిలో సిగ్నల్ ఉండకపోవచ్చు, టికెట్టును ఆఫ్‌లైన్‌లోనే ఉంచండి.

తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, డ్రైవ్, స్టోరేజ్. అక్కడ క్లియర్ క్యాష్ నొక్కండి. పక్కనున్న క్లియర్ డేటా వద్దు. అది ఆఫ్‌లైన్ ఫైళ్లన్నిటినీ తుడిచేస్తుంది, టికెట్టుతో సహా. వాడేకొద్దీ క్యాష్ మళ్లీ చేరుతుంది.

గుర్తుంచుకోండి: ఆఫ్‌లైన్ ఆపండి, క్యాష్ తుడవండి, డిలీట్ జోలికి పోకండి.