సర్వే ప్రశ్న తెలుగులో సరిగ్గా వచ్చిందా? తిరుగు అనువాదంతో చూసుకోవడం



మన ఊళ్లకు వచ్చే సర్వేల్లో కొన్నిటి ప్రశ్నలు ముందు ఇంగ్లీషులో రాసి, తర్వాత తెలుగులోకి మారుస్తారు. మార్చేటప్పుడు అర్థం జారిపోయిందేమో చూసుకునే పద్ధతినే తిరుగు అనువాదం అంటారు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థది ఒక ప్రశ్నల కాగితం ఉంది. తిండికి ఇబ్బంది పడ్డారా అని 8 ప్రశ్నలు అడుగుతారు. చివరి ప్రశ్న ఏమిటంటే, గడిచిన 12 నెలల్లో డబ్బు గానీ వేరే ఆధారం గానీ లేక ఒక రోజంతా తినకుండా ఉన్నారా అని. దీన్ని ఒకరు పొట్టిగా "ఈ ఏడాదిలో ఎప్పుడైనా రోజంతా తినకుండా ఉన్నారా?" అని రాశారనుకోండి. శివరాత్రి ఉపవాసం ఉన్నామె కూడా అవునంటుంది. తిండికి లోటు లేని ఇల్లు ఆకలి లెక్కలో చేరిపోతుంది. అప్పుడు నిజంగా పస్తులున్న ఇల్లేదో తెలియదు.

ఇది బయటపడాలంటే ఆ తెలుగు ప్రశ్నను రెండో మనిషికి ఇచ్చి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చమంటారు. ఆ మనిషి మొదటి ఇంగ్లీషు కాగితం చూసి ఉండకూడదు. చూస్తే, తెలుగులో లేనిది కూడా గుర్తు పెట్టుకుని కలిపేస్తారు. తెలుగు బాగాలేదని సొంతంగా సరిచేయకూడదు, ఉన్నది ఉన్నట్టే రాయాలి. తర్వాత మూడో మనిషి రెండు ఇంగ్లీషు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. మాటలు వేరైనా ఫరవాలేదు, అర్థం ఒకటేనా అన్నదే ముఖ్యం. ఇక్కడ "డబ్బు లేక" అన్న ముక్క రెండో దాంట్లో కనపడదు. వెంటనే తెలుగు ప్రశ్న దిద్ది, మళ్లీ ఒకసారి తిప్పి చూస్తారు.

మూడో ప్రశ్న కూడా ఇలాంటిదే. డబ్బు లేక కొద్ది రకాల తిండితోనే సరిపెట్టుకున్నారా అని దాని అర్థం. "కొన్ని రకాలు తిన్నారా?" అని రాస్తే అందరూ అవునంటారు. "తోనే" అన్న చిన్న ముక్క పోయినా తిరుగు అనువాదంలో దొరుకుతుంది.

అయితే దీనికి దొరకని తప్పులూ ఉన్నాయి. రెండో ప్రశ్నలో "పౌష్టికాహారం" అని రాస్తే, తిరిగి ఇంగ్లీషులోకి సరిగ్గానే వస్తుంది. ఎందుకంటే మార్చిన ఇద్దరూ చదువుకున్నవాళ్లే. కానీ ఊళ్లో ఒకామె దాన్ని అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు అనుకోవచ్చు. కాగితాలు రెండూ కలిసినా, ఆమె చెప్పే జవాబు వేరే ప్రశ్నకి. అందుకని సర్వే మొదలెట్టకముందే ఐదారుగురు ఆడవాళ్లకు ప్రశ్న చదివి వినిపించి, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. అవును, కాదు అన్న జవాబు వింటే ఈ తేడా తెలియదు.

ఇకమీదట మన సంఘాల్లో సర్వే చేయించమని ఎవరైనా వస్తే ఈ రెండూ చేశారా అని అడగండి. చేయకపోతే, ఆ అయిదారుగురు మన సభ్యుల్లోనే దొరుకుతారని చెప్పండి.