ప్రియదర్శినిలో శకుని

ఈ సభలో అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న మనిషిని ఎరిగినవాళ్లకు ఆయన ఏం మాట్లాడబోతున్నాడో ముందే తెలుసు. మళ్లీ మాయాబజార్, మళ్లీ ప్రియదర్శిని పేటిక, మళ్లీ శకుని. పెనుకొండ నుంచి వచ్చిన మిత్రులు అప్పుడే ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. అధ్యక్షుడికి కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన మానడు.

పక్కపక్కన పెట్టిన రెండు షాట్ల నుంచి మూడో అర్థం పుడుతుందని చెప్పేటప్పుడు మన వ్యాసాలన్నీ మాస్కోలోనే మొదలవుతాయి. లెవ్ కులెషోవ్, మొజుఖిన్ అనే నటుడి ముఖం, సూప్ గిన్నె, శవపేటిక. ముఖం షాట్ ఒకటే. పక్కన గిన్నె వస్తే ఆకలి, శవం వస్తే దుఃఖం కనిపించాయంటారు. ఈ సభలో దీన్ని మళ్లీ వివరిస్తే అవమానించినట్టవుతుంది. కానీ ఆ ఫిల్ము ముక్క ఇప్పుడు లేదు. ఆ కథను లోకానికి చాటిన శిష్యుడు పుదోవ్‌కిన్ చెప్పిన షాట్ల పట్టికా, గురువు తర్వాత చెప్పిన పట్టికా ఒకటి కావు. 1992లో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్లీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అదే ప్రయోగాన్ని కొత్తగా తీసి విద్యార్థులకు చూపిస్తే, ఎక్కువమంది ఆ ముఖంలో ఏ భావమూ లేదన్నారు. తర్వాత చేసిన కొన్ని ప్రయోగాల్లో మాత్రం ప్రభావం కొంత కనిపించింది. సూప్ గిన్నె లేకుండా ప్రసంగం మొదలుపెట్టలేని మన విమర్శకులు కొందరు ఈ రెండో సగాన్ని ఎందుకు మింగేస్తారో వాళ్లే చెప్పాలి. పేర్లు అక్కర్లేదు, ముందు వరసలోనే ఉన్నారు.

ఆ విద్యార్థులకు ఎందుకు కనిపించలేదు? కథ తెలియని ముఖం, కథ తెలియని గిన్నె. మధ్యలో అతికించడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. ఈ అధ్యక్షుడి పేచీ అంతా ఇక్కడే. అతుకు తనంతట తాను అర్థాన్ని పుట్టించదు. చూసేవాడి దగ్గర ముందే ఉన్న సరుకును బయటికి లాగుతుంది.

దానికి రుజువు మన పక్క ఊరివాడే తీశాడు. తాడిపత్రి ప్రాంతంలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో తీసిన మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. తెరిచి చూస్తే, చూసినవారికి అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. బలరాముడు చూస్తే దుర్యోధనుడు. రేవతి చూస్తే నగలు, మణులు. కృష్ణుడు చూస్తే శకుని!

కులెషోవ్ లెక్కను ఇక్కడ తిరగేశారు. అక్కడ ముఖం మారదు, పక్కనున్న వస్తువు మారుతుంది. ఇక్కడ పేటిక ఒకటే, చూసే మనిషి మారతాడు. పైగా ముఖానికీ బొమ్మకూ మధ్య సంబంధమేమిటో పాత్రలే ముందు చెప్పేస్తాయి, అది ప్రియమని. కాబట్టి సావిత్రి ముఖం పక్కన నాగేశ్వరరావు కనిపిస్తే ప్రేక్షకుడు కనిపెట్టవలసింది ఏమీ లేదు. గుమ్మడి పక్కన దుర్యోధనుడు కనిపిస్తే కొద్దిగా ఉంది. ఈ పెద్దమనిషి తన కూతుర్ని ఎవరింటికి పంపబోతున్నాడో అన్న అనుమానం అక్కడే మొలుస్తుంది.

రామారావు పక్కన సి.ఎస్.ఆర్. వచ్చేసరికి ఆ నియమమే మనల్ని ఇరకాటంలో పెడుతుంది. కృష్ణుడికి శకుని ప్రియుడా? కృష్ణుడి షాట్‌లో ఆ ప్రశ్న లేదు, శకుని షాట్‌లోనూ లేదు. పేటిక అబద్ధం చెప్పదని ఇంతకుముందే ఒప్పుకున్నాం గనుక జవాబు మనమే వెతుక్కోవాలి. కౌరవులను లోపలినుంచి పడగొట్టేవాడు శకునేనని భారతం విన్నవాడికి తడుతుంది. తండ్రి ఎముకలతో పాచికలు చేయించుకుని ఆ వంశం మీద పగ తీర్చుకున్నాడన్న జనం కథ తెలిసినవాడికి ఇంకాస్త త్వరగా తడుతుంది. రాబోయే కురుక్షేత్రం మొత్తం ఆ రెండు షాట్ల మధ్య సందులో పట్టింది. భారతం విననివాడికి అక్కడ కనిపించేది ఒక తమాషా మాత్రమే.

దీన్ని స్క్రీన్‌ప్లే గొప్పతనంగా రాసినవాళ్లున్నారు, ఫొటోగ్రఫీ చూసిన మార్కస్ బార్ట్‌లీ గొప్పతనంగా రాసినవాళ్లున్నారు. ఎడిటర్లు సి.పి.జంబులింగం, జి.కల్యాణసుందరం పేర్లు ఎన్ని వ్యాసాల్లో వచ్చాయో చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎంతసేపు చూడాలి, ఎక్కడ వదలాలి అన్నది తేలేది వాళ్ల బల్ల మీద. శకుని మరీ తక్కువసేపు ఉంటే గుర్తుపట్టం. మరీ ఎక్కువసేపు ఉంటే ఆలోచన అయిపోయి ఆవులింత వస్తుంది.

బొమ్మల కథనాలన్నీ లేపాక్షిలోనే ఉన్నాయి, సినిమా కొత్తగా చేసిందేమీ లేదు అనే వాదం ఒకటి ఈ జిల్లాలో తిరుగుతోంది. లేపాక్షి మీద అభిమానం ఈ అధ్యక్షుడికీ తక్కువేం కాదు. అక్కడి స్తంభం మీద ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు ఉంది. రెండు తలలు చేత్తో మూసి చూస్తే ఆ ఒళ్లే ఒక్కో తలకు ఒక్కో పని చేస్తున్నట్టు అనిపిస్తుంది. మొజుఖిన్ ముఖం చేయవలసిన పనిని ఆ రాతి ఒళ్లు చక్కగా చేస్తోంది. వీరభద్రాలయం పైకప్పు మీద కిరాతార్జునీయం కూడా పక్కపక్క ఘట్టాలుగానే సాగుతుంది. కానీ అక్కడ మెడ తిప్పి వెనక్కి చూడవచ్చు. సినిమాలో రెండో షాట్ వచ్చేసరికి మొదటిది పోయింది. జ్ఞాపకంలో ఉన్నదాంతోనే అతికించాలి. తేడా చిన్నదేం కాదు.

రుజువు అడిగేవాళ్లకు ధర్మవరం సంగతి ఒకటి చెప్పాలి. కుర్రతనంలో ఈ అధ్యక్షుడు అక్కడో టెంటు హాల్లో ఆపరేటర్ పక్కన రీళ్లు చుట్టిపెట్టేవాడు. ఒకసారి మాయాబజార్ ఆడింది, ఊళ్లన్నీ తిరిగి వచ్చిన ప్రింటు అది. తెగిన ప్రతిసారీ చివర్లు కత్తిరించి, గీకి, సిమెంటు పూసి అతికించాలి. అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24. మూడు సెకన్ల షాటంటే నాలుగున్నర అడుగులు. ఊరికొక ఆపరేటర్ ఒక్కో జానెడు కత్తిరించినా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ ప్రింటులో శకుని బొమ్మ దాదాపు పూర్తిగా పోయింది. కృష్ణుడు పేటికలోకి చూస్తాడు, తెర ఒక్కసారి ఎగురుతుంది, మళ్లీ మనుషులే.

మొదటి ఆట నేల టికెట్టు జనం సరిగ్గా అక్కడే నవ్వారు. మగ్గాల దగ్గర్నుంచి వచ్చినవాళ్లు, ఆ సినిమా నాలుగైదుసార్లు చూసినవాళ్లు. లేని శకుని వాళ్లకు కనిపించాడు. ఆపరేటర్ మేనల్లుడు మాత్రం కిటికీలోంచి చూస్తూ, “మామా, కిట్నుడు ఏం జూసినాడు?” అన్నాడు. వాడు సినిమా చూడటం అదే మొదటిసారి. ఆపరేటర్ జవాబు చెప్పలేదు, కార్బన్ సర్దుకుంటున్నాడు. “శకునిరా” అన్నది ఈ అధ్యక్షుడే. “శకునా? ఆయప్పకెందుకు ఇష్టం?” అన్నాడు వాడు.

ఇంకో మాట. ఆ కృష్ణుడి వేషం వేసిన రామారావే 1985లో, 1989లో, 1994లో ఈ హిందూపురం నుంచి శాసనసభకు గెలిచాడు. పోస్టరు మీద ఆ ముఖం పక్కన ఏ బొమ్మ వేసినా ఓటరు మనసులో ఇంకొక బొమ్మ అప్పటికే ఉంది. దాని మీద ఎవరైనా పని చేస్తారేమోనని ఈ అధ్యక్షుడు చాలాకాలం ఎదురుచూశాడు. పోస్టర్లకు చెదలు పట్టకముందే మొదలుపెట్టాలి. దానితోపాటు ధర్మవరం, పెనుకొండ హాళ్లలో పనిచేసిన పాత ఆపరేటర్లు ఎవరెవరున్నారో, ఏ ప్రింటులో ఏ అడుగు తెగిందో, అక్కడ జనం ఏం చేశారో అడిగి రాసుకోవాలి. సాయంత్రం గోష్ఠికి వచ్చేవాళ్లలో ఇద్దరు నోటు పుస్తకాలు తెస్తే చాలు. టెంటు హాలు ఆపరేటర్ మేనల్లుడు ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నాడు, అతనితోనే మొదలుపెట్టవచ్చు.