ధరావతు ఎవరి ఖాతాలో పడుతోంది?

ఫోన్లో కనబడే ‘కస్టమ్స్ వేలం’ బండ్ల సంగతి చెబుదామని మేం ఇవాళ నిలబడ్డాం.

షోలాపూర్‌లో తువ్వాళ్ల సాంచాలు నడిపే మన పిల్లవాడొకడు ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చూశాడు. ముంబై ఓడరేవులో పట్టుబడిన స్కూటర్లట, ఒక్కోటి 22,000 రూపాయలట. వాట్సాప్ చేస్తే అధికారి గుర్తింపు కార్డు ఫోటో, సింహాల ముద్ర వేసిన రసీదు వచ్చాయి. మొదట రిజిస్ట్రేషన్‌కని 1,950 కట్టించుకున్నారు. మర్నాడు బండిని లారీ ఎక్కించిన ఫోటో పంపి, జీఎస్టీ కింద 5,500 అడిగారు, బండి అందాక తిరిగి ఇస్తామన్నారు. ఆ పైన గేటు పాసుకని 4,800. మొత్తం 12,250 చేరాక ఇన్సూరెన్స్‌కు ఇంకో 7,200 అన్నారు. అప్పుడు వాళ్లమ్మ అడ్డం పడింది.

ఎందుకు కడుతూ పోయాడంటే, ఇప్పుడు ఆపితే కట్టిందంతా పోతుందన్న భయం. వాళ్ల వ్యాపారమంతా ఆ భయం మీదే. అసలు మన దేశంలోనే తయారయ్యే స్కూటర్‌ను ఓడరేవులో కస్టమ్స్ వాళ్లు ఎందుకు పట్టుకుంటారు? ఆ ఒక్క ప్రశ్న చాలు.

‘ముందుగా పైసా కూడా కట్టకండి’ అని మేం చెప్పం. అది సరైన మాట కాదు, ఎందుకంటే నిజమైన వేలంలోనూ ధరావతు ఉంటుంది. మోసగాళ్లు దాన్నే అడ్డం పెట్టుకుంటారు. తేడా ఎక్కడుందో చూడండి. కస్టమ్స్ సరుకు చాలావరకు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో అమ్ముడవుతుంది. సాధారణంగా లాట్లుగా అమ్ముతారు, ఒక్క ఫోను, ఒక్క ల్యాప్‌టాప్ అని ఇంటికి పంపరు. సరుకు చూసుకోవడానికి రోజులు ఇస్తారు. పోలీసుల వేలమైతే ముందు నోటీసు వేస్తారు, బండ్లు మైదానంలో నిలబెడతారు, పోయి చూసుకోవచ్చు. రెండింట్లోనూ ధర ముందే ఖరారు కాదు, పాట పాడితేనే తేలుతుంది. ‘22,000 ఫిక్స్’ అన్నాడంటే అది వేలమే కాదు.

ఇక డబ్బు. యూపీఐలో పిన్ కొట్టేముందు తీసుకునేవాడి పేరు తెర మీద కనబడుతుంది. మన వాడికి ప్రతిసారీ ఎవరో ఒక మనిషి పేరే కనబడింది, అదీ మూడుసార్లు మూడు పేర్లు. సర్కారు ధరావతు అలా ఎవరి సొంత ఖాతాకో పోదు.

కట్టేసినవాళ్లు సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. లావాదేవీ నంబరు, చాట్‌ల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ చెరిపేయొద్దు. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే ఆపించే వీలుంటుంది, గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది. తర్వాత వారానికో పది రోజులకో ‘మీ రీఫండ్ వచ్చింది, 999 ఫీజు కట్టండి’ అని ఇంకొకరు ఫోన్ చేస్తే పెట్టేయండి. మన వాడికీ చేశారు. ఈసారి ఫోను వాళ్లమ్మే ఎత్తింది.