‘లేదు’ అని రాసిన చోట ఏముంది?

(సర్వేకు వెళ్ళే యువతీ యువకుల శిక్షణలో చేసిన ప్రసంగం)



రేపటి నుంచి మీరు ఫారాలు పట్టుకుని గూడేలకు పోతున్నారు. నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌గా భద్రాద్రి ఏజెన్సీలో పోడు భూముల సర్వే చేసినప్పుడు ఒక తప్పు చేశాను. మీరు కూడా చేయకూడదని ఆ ఒక్క సంగతే చెప్తాను.

ఆ గూడెంలో 42 ఇళ్ళు. ఫారంలో నాలుగో ప్రశ్న: ‘అటవీ హక్కుల కింద క్లెయిమ్ పెట్టారా? అవును / లేదు.’ సాయంత్రం ఎక్సెల్‌లో ఎక్కించి లెక్క తీస్తే అవును 11, లేదు 31 వచ్చాయి. ‘నాలుగింట మూడొంతుల మందికి చట్టం గురించి తెలియదు, అవగాహన సదస్సులు పెట్టాలి’ అని రిపోర్టు కూడా మొదలుపెట్టేశాం.

అనుమానం ఎక్కడ వచ్చిందంటే, ఐదో కాలమ్‌లో. అక్కడి ప్రశ్న ‘ఎప్పుడు పెట్టారు?’ నాలుగో ప్రశ్నకు ‘లేదు’ అన్నవాళ్ళ ఫారాల్లో కూడా చాలావాటిలో ‘2021లో కాయితాలు తీసుకున్నప్పుడు’ అని నా చేత్తోనే రాసి ఉంది. పెట్టనివాళ్ళకు తేదీ ఎట్లా ఉంటుంది? పక్కపక్క కాలమ్‌లు కొట్లాడుకుంటున్నాయంటే తప్పు మనుషుల్లో కాదు, మన ప్రశ్నలో ఉంది.

మర్నాడు మళ్ళీ పోయాను. ఒక అవ్వ నవ్వి, “పట్టా వచ్చిందా అని గదా బిడ్డా నువ్వడిగింది? రాలే. లేదన్న” అంది. ‘క్లెయిమ్’ అనే మాట ఆమెకు పట్టాలాగా వినపడింది. ఈసారి కోయ భాషలో, మూడు ముక్కలుగా అడిగాను. కాయితం ఇచ్చారా? తీసుకున్నట్టు రశీదు ఇచ్చారా? తర్వాత ఎవరన్నా ఏమన్నా చెప్పారా?

అప్పుడు ఆ 31 ‘లేదు’లు నాలుగు రకాలుగా విడిపోయాయి. అసలు పెట్టనివాళ్ళు 6. కాయితం ఇచ్చి రశీదు లేనివాళ్ళు 17. ‘మీది కాదన్నారు’ అని నోటిమాటగా విన్నవాళ్ళు 5. ఆ రోజు ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్ళను అడిగి నేనే ‘లేదు’ రాసినవి 3.

చూడండి, సదస్సు కావాల్సింది ఆరుగురికి మాత్రమే. 17 మందికి కావాల్సింది రశీదు. క్లెయిములు తీసుకుని, తీసుకున్నట్టు రాసివ్వాల్సింది అటవీ హక్కుల కమిటీయే అని 2008 నిబంధనలు చెప్తున్నాయి. ఆ ఐదుగురికి కావాల్సింది కారణాలు రాసిన కాయితం. నిర్ణయం తెలిస్తేనే 60 రోజుల లోపు పై కమిటీకి అప్పీలు పెట్టుకోగలరు. నోటిమాట మీద ఎవరూ అప్పీలుకు పోలేరు. మా మొదటి పట్టిక అట్లాగే పోయి ఉంటే, దరఖాస్తు పెట్టిన 22 కుటుంబాలను అసలు పెట్టనివాళ్ళని మేమే అధికారులకు రాసిచ్చినట్టయ్యేది.

కాబట్టి కోడ్‌లు ఇట్లా పెట్టుకోండి: 1 రశీదు ఉంది, 2 ఇచ్చాం రశీదు లేదు, 3 తిరస్కరించారని చెప్పారు, 4 పెట్టలేదు, 8 తెలియదు, 9 అడగలేకపోయాం. 8, 9లను ఎప్పుడూ 4లో కలపొద్దు. ఎంతమంది ఎక్కడున్నారో చూడడానికి ఇది చాలు:

```
=COUNTIF(D2:D43,2)
```

రెండోది విస్తీర్ణం. మనవాళ్ళలో పెద్దలు చాలామంది ఎకరాల్లో చెప్పరు, ‘ఇన్ని కుంచాల గింజలు పట్టే చేను’ అంటారు. 8 ఇళ్ళవాళ్ళు అట్లా చెప్పారు. ఎకరాల్లోకి మార్చలేక, కంప్యూటర్ దగ్గర కూర్చున్న మా మిత్రుడు అక్కడ 0 కొట్టాడు. మిగతా 34 ఇళ్ళకు కలిపి 102 ఎకరాలు, అంటే సగటున ఇంటికి 3. ఆ 8 సున్నాలు కలిసేసరికి సగటు 2.4కు పడిపోయింది. గడి ఖాళీగా వదిలితే ఎక్సెల్ AVERAGE దాన్ని వదిలేస్తుంది, 0 కొడితే ‘భూమి లేదు’ అని లెక్కేస్తుంది. అందుకే చెప్పిన మాటను చెప్పినట్టే పక్క కాలమ్‌లో రాయండి, ఎకరాల గడి ఖాళీగా ఉంచండి. గింజల కొలతను మీరే ఎకరాల్లోకి మార్చొద్దు. పంటను బట్టి, చల్లే తీరును బట్టి అది మారుతుంది. తర్వాత ఆ చేనును నడిచి కొలవండి.

ఫారం మీద మాట దిద్దాల్సి వస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయండి, పాతది చెరపొద్దు. పట్టిక అయ్యాక గ్రామసభలో చదివి వినిపించండి. మేం చదివినప్పుడు ఒక తాత లేచి, తన తమ్ముడి చేను రెండుసార్లు ఎక్కిందని పట్టుకున్నాడు. మా కంప్యూటర్‌కు అది దొరకలేదు.

ఆ 17 కుటుంబాలు రశీదులు అడుగుతూ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాయి. ఆ పని ఇంకా నడుస్తోంది. రేపు మీరు ‘లేదు’ అని టిక్ పెట్టే ముందు, ఏది లేదో ఇంకోసారి అడగండి.

జోహార్.