ఎస్ఐపీ తేదీలు అటూ ఇటూ అయితే అసలు రిటర్న్ ఎంత? తేదీలతో లెక్క కట్టే ఎక్స్ఐఆర్ఆర్

ఈరోజు ఎపిసోడ్ మా రూమ్‌లో జరిగిన ఒక గొడవతో మొదలైంది. కొండాపూర్‌లో నాతో పాటు ఫ్లాట్‌లో ఉండే ఫ్రెండ్ 2024 మొత్తం నెలకు 10,000 చొప్పున ఒక ఈక్విటీ ఫండ్‌లో పెట్టాడు. డిసెంబర్ 31న ఫోన్ తీసి చూస్తే, పెట్టింది 1,20,000, విలువ 1,26,000. "అరే, ఏడాదంతా పెడితే 5 పర్సెంటేనా! ఎఫ్‌డీలో వేసుంటే 7 వచ్చేది కదరా. మొత్తం తీసేస్తా" అన్నాడు.

ఆగు అన్నాను. ఎందుకంటే ఆ 5 శాతం అనేది తప్పు లెక్క కాదు, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. లక్షా ఇరవై వేలు జనవరి 1నే ఒకేసారి పెట్టి ఉంటే 5 శాతాన్ని 7 శాతంతో పోల్చొచ్చు. వాడు అలా పెట్టలేదుగా. డిసెంబర్‌లో పెట్టిన పదివేలు ఫండ్‌లో ఉన్నది 26 రోజులే. ఆ డబ్బు ఏడాది వడ్డీ ఎలా తెస్తుంది?

పైగా వాడి ఎస్ఐపీ పేరుకే 5వ తారీఖు. ఫిబ్రవరిలో 7న కట్ అయింది. ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డు బిల్లు ముందే లాగేయడంతో మ్యాండేట్ బౌన్స్ అయింది, మేలో రెండు నెలలవి కలిపి వేశాడు. అక్టోబర్‌లో దసరాకి ఊరెళ్లి మర్చిపోయాడు, నవంబర్‌లో డబుల్ వేశాడు. మనలో చాలామంది హిస్టరీ ఇలాగే ఉంటుంది. అందుకే సమాన నెలలు అనుకుని లెక్కేసే మామూలు ఐఆర్ఆర్ ఇక్కడ సరిపోదు. ప్రతి రూపాయికీ దాని తేదీ కావాలి. ఆ లెక్క పేరే ఎక్స్ఐఆర్ఆర్. మీ యాప్‌లో `XIRR` అని కనపడేది అదే.

ముందు డేటా. స్క్రీన్‌షాట్లు చూసి గుర్తుకొచ్చినవి రాయొద్దు. కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. అది మన దగ్గరే, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న కెఫిన్‌టెక్ సైట్ నుంచి గానీ, చెన్నైలోని క్యామ్స్ సైట్ నుంచి గానీ మెయిల్‌కి వస్తుంది. ప్రతి కొనుగోలు తేదీ, అమౌంట్, యూనిట్లు అందులో ఉంటాయి. దాన్ని చూసి షీట్‌లో ఇలా రాశాం:

```
     A            B
1    Date         Amount
2    05-01-2024   -10000
3    07-02-2024   -10000
4    05-03-2024   -10000
5    22-05-2024   -20000
6    10-06-2024   -10000
7    05-07-2024   -10000
8    28-08-2024   -10000
9    05-09-2024   -10000
10   18-11-2024   -20000
11   05-12-2024   -10000
12   31-12-2024   126000
```

జేబులోంచి పోయిన డబ్బుకు మైనస్. చివరి లైన్ మాత్రం ప్లస్, ఎందుకంటే ఆరోజు మొత్తం అమ్మేస్తే చేతికొచ్చేది అది. నిజంగా అమ్మక్కర్లేదు, అమ్మినట్టు అనుకుంటున్నాం అంతే. మధ్యలో కొంత తీసి ఉంటే అది కూడా దాని తేదీతో ప్లస్‌గా వస్తుంది.

ఇప్పుడు ఫార్ములా కొట్టేముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ప్రశ్న ఒక్కటే: ఏడాదికి ఏ వడ్డీ రేటు ఇచ్చే బ్యాంకులో, ఇవే తేదీల్లో, ఇవే డబ్బులు వేసి ఉంటే, డిసెంబర్ 31కి సరిగ్గా 1,26,000 అయ్యేది? ఆ రేటే మన జవాబు.

దీన్ని ఒక్క స్టెప్‌లో తీసే సూత్రం లేదు. ఒక రేటు ఊహించి, ట్రై చేసి, సరిచేసుకుంటూ పోవాలి. 8 శాతంతో మొదలెడదాం. జనవరి 5న వేసిన పదివేలు 361 రోజులు ఉంది, కాబట్టి దాన్ని 1.08 పవర్ 361/365తో గుణిస్తే 10,791 అవుతుంది. డిసెంబర్ 5న వేసింది 26 రోజులే, అది 10,055. ఇలా పది లైన్లూ పెంచి కలిపితే 1,24,703 వచ్చింది. మనకు కావాల్సింది 1,26,000. అంటే రేటు సరిపోలేదు.

12 శాతం పెడితే 1,27,013. ఇప్పుడు ఎక్కువైంది. మధ్యలో 10 పెడితే 1,25,861. ఇంకా 139 రూపాయలు తక్కువ. 10 నుంచి 12కి వెళ్తే 1,152 రూపాయలు పెరిగింది కదా, ఆ నిష్పత్తిలో 139కి దాదాపు 0.24. కాబట్టి జవాబు 10.24 శాతం. షీట్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే క్షణంలో:

```
=XIRR(B2:B12, A2:A12)
```

మా వాడి మొహం చూడాలి అప్పుడు. 5 కాదు, 10.24. ఇక్కడ ఇంకో విషయం గమనించండి. మన ట్రయల్‌లో 8 శాతం అంటే, ఇవే తేదీల్లో 8 శాతం ఇచ్చే డిపాజిట్‌లో వేసుంటే వచ్చేది 1,24,703 అన్నమాట. వాడు చెప్పిన 7 శాతంతో అయితే ఇంకా తక్కువే. పోల్చాల్సింది ఇలా.

తేదీలు నిజంగా అంత తేడా చేస్తాయా అని మీకు డౌట్ రావచ్చు. అదే 1,20,000 ప్రతినెలా కచ్చితంగా 5నే వెళ్లి, చివరికి అదే 1,26,000 వచ్చిందనుకోండి, రేటు దాదాపు 9.6 అవుతుంది. డబ్బు సగటున ఎక్కువ రోజులు లోపలుండి అంతే తెచ్చింది కాబట్టి రేటు తక్కువ. దీన్ని చూసి లేటుగా కట్టడం మంచిదనుకోకండి! లేటు చేస్తే వేరే ధరకు యూనిట్లు వస్తాయి, చివరి విలువే మారిపోతుంది.

చేత్తో చెక్ చేసుకునే చిన్న పద్ధతి కూడా ఉంది. ప్రతి అమౌంట్ ఎన్ని రోజులు ఉందో సగటు తీయండి, డబుల్ వేసినవి రెండుసార్లు లెక్కించాలి. మా వాడిది 181 రోజులు. 5 శాతాన్ని 365తో గుణించి 181తో భాగిస్తే దాదాపు 10.1. షీట్ 10.24 అంటోంది, దగ్గర్లోనే ఉంది. ఏడాది దాకా ఉన్న లెక్కలకు ఈ సుమారు లెక్క బాగా పనిచేస్తుంది. షీట్ జవాబు దీనికి చాలా దూరంగా ఉంటే ఎంట్రీలో ఎక్కడో తప్పుందని అర్థం.

ఆ తప్పు ఎక్కువగా తేదీలోనే ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో లొకేల్ యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే, మీరు రాసిన 05-01-2024ని అది మే 1గా చదువుతుంది. 22-05-2024 అయితే 22వ నెల లేదు కాబట్టి దాన్ని మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తుంది, ఫార్ములా `#VALUE!` అంటుంది. ఆ ఎర్రర్ వస్తే నిజానికి మీ అదృష్టం. మీ తేదీలన్నీ 12వ తారీఖు లోపే ఉంటే ఎర్రర్ రాదు, తప్పు జవాబు నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. గుర్తుపట్టడం ఈజీ: టెక్స్ట్ సెల్‌లో ఎడమవైపు అంటుకుంటుంది, నిజమైన తేదీ కుడివైపు ఉంటుంది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియా పెట్టి, తేదీలు మళ్లీ ఎంటర్ చేయండి. `#NUM!` అని వస్తే మాత్రం ముందు గుర్తులు చూడండి, చాలాసార్లు మైనస్ పెట్టడం మర్చిపోయి ఉంటారు.

మీకు వచ్చిన రేటు కరెక్టేనా అని తేల్చుకోవడానికి దాన్ని వెనక్కి పెట్టి చూడొచ్చు. ఎక్స్ఐఆర్ఆర్ జవాబు B14లో ఉందనుకుంటే:

```
=SUMPRODUCT(-B2:B11, (1+B14)^((A12-A2:A11)/365))
```

ఇది 1,26,000 ఇవ్వాలి. ఇస్తే లెక్క సరిగ్గా కూర్చున్నట్టే.

ఏ తేదీ వేయాలి అని కూడా అడుగుతారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి సెబీ రూల్ ప్రకారం, ఎంత చిన్న అమౌంట్ అయినా డబ్బు ఫండ్‌కి చేరిన రోజు ఎన్ఏవీయే మనకు వర్తిస్తుంది. అందుకే బ్యాంకులో 5న కట్ అయినా, యూనిట్లు ఒకట్రెండు రోజుల తర్వాతి తేదీతో రావచ్చు. మీ జేబు లెక్క కావాలంటే బ్యాంకు తేదీ వేయండి, ఫండ్ తేదీ కావాలంటే స్టేట్‌మెంట్ తేదీ వేయండి. తేడా చిన్నదే, కానీ మొత్తం ఒకే పద్ధతిలో రాయండి. అలాగే పదివేలల్లో 50 పైసలు స్టాంప్ డ్యూటీ పోయి 9,999.50కే యూనిట్లు వస్తాయి. షీట్‌లో మాత్రం 10,000 రాయండి, మీ జేబులోంచి పోయింది అదే కదా.

ఇప్పుడు లిమిట్స్. మొదటిది, కొత్తగా మొదలెట్టిన వాళ్లు ఈ నంబర్‌ని నమ్మొద్దు. పదివేలు 20 రోజుల్లో 10,200 అయితే ఎక్స్ఐఆర్ఆర్ 43.5 శాతం చూపిస్తుంది. అదే 20 రోజుల స్పీడ్ ఏడాదంతా ఉంటుందని లెక్కేస్తుంది కాబట్టి. ఏడాది నిండేదాకా రూపాయల్లో లాభం చూసుకోవడం మేలు. మా వాడి 10.24 కూడా సగటున 181 రోజుల డబ్బు మీద వచ్చిందే, వచ్చే ఏడాది అంతే వస్తుందని ఎవరూ రాసివ్వలేదు.

రెండోది, ట్యాక్స్. వాడు నిజంగా డిసెంబర్ 31న మొత్తం అమ్మేస్తే, అన్నీ ఏడాది లోపువే కాబట్టి లాభం 6,000 మీద 20 శాతం, దానిపై 4 శాతం సెస్, మొత్తం 1,248 పోతుంది. అప్పుడు చివరి లైన్‌లో 1,26,000 బదులు 1,24,752 రాయాలి. అలా రాస్తే రేటు దాదాపు 8.1కి దిగుతుంది. ఎగ్జిట్ లోడ్ ఉంటే ఇంకా తగ్గుతుంది. అటుపక్క ఎఫ్‌డీ వడ్డీకి కూడా ట్యాక్స్ ఉందిగా. 20 శాతం శ్లాబులో 7 శాతం వడ్డీ, సెస్ పోను, దాదాపు 5.5 మిగులుతుంది. కాబట్టి పోలిక 5కీ 7కీ కాదు, 8.1కీ 5.5కీ. ఈ ఒక్క ఏడాదిలో ఫండ్ గెలిచింది, కాకపోతే ఎఫ్‌డీలో అసలు తగ్గే భయం లేదు, ఇక్కడ ఉంది. అది ఈ నంబర్‌లో కనపడదు.

మా వాడు అమ్మలేదు. మ్యాండేట్ తేదీ మాత్రం మార్చుకున్నాడు, జీతం పడే రోజు తర్వాత, క్రెడిట్ కార్డు బిల్లుకు ముందు. మీ స్టేట్‌మెంట్‌తో ఇది చేసి చూడండి. మీ యాప్ చూపించే నంబర్‌కీ, షీట్ నంబర్‌కీ తేడా వస్తే ఏ తేదీ దగ్గర వచ్చిందో కామెంట్‌లో రాయండి, అమౌంట్లు రాయక్కర్లేదు.